ఆసుపత్రి బిల్లు చెల్లించిన బీమా అటెండెంటు జీతం ఎందుకివ్వదు?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. గుంటూరులో సొంత ఇంట్లో ఉంటుంది. పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. తెలివి, మాట బాగానే ఉన్నాయి. డిశ్చార్జ్ అయి 45 రోజులైంది. నేను ప్రీమియం కడుతున్న పది లక్షల పాలసీలో ఆసుపత్రి బిల్లు దాదాపు నాలుగు లక్షలు చెల్లించారు. ఇంట్లో 24 గంటల అటెండెంటుకు నెలకు 26,000, ఫిజియోథెరపీకి 6,500, మందులకు 3,500, డైపర్లు వగైరాలకు 5,000 అవుతోంది. అటెండెంటుకు, ఫిజియోకు కలిపి ఏజెన్సీ ఇచ్చిన మొదటి నెల బిల్లు 32,500 పంపితే కంపెనీ మొత్తం తిరస్కరించింది. ఇంకా ఆరు లక్షలు మిగిలి ఉండగా ఇదేం న్యాయం? అమ్మకు సీనియర్ సిటిజన్స్ స్కీములో 12 లక్షల మీద మూడు నెలలకొకసారి 24,600 వడ్డీ, మేడ మీది వాటాకు నెలకు 7,000 అద్దె వస్తాయి. బెంగళూరులో ఉండే తమ్ముడు, ఇల్లు తన పేరిట రాస్తే ఖర్చంతా తానే చూసుకుంటానంటున్నాడు. ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా? ఇంకో పాలసీ తీసుకోవాలా? – ఒక కుమార్తె, హైదరాబాద్

సమాధానం: అన్నిటికంటే ముందు గడువున్న పని చెబుతాను. ఆరోగ్య బీమా పాలసీల్లో ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్ని రోజుల వరకు, అదే జబ్బుకు సంబంధించిన వైద్య ఖర్చులు ఇచ్చే నిబంధన ఉంటుంది. ఎక్కువ పాలసీల్లో అది 60 రోజులు, కొన్నింటిలో 90 లేదా 180 రోజులు. మీ పాలసీలో 60 రోజులే అనుకుంటే ఇంకా 15 రోజులున్నాయి. ఆ కాలం ముగిశాక బిల్లులన్నీ సమర్పించడానికి సాధారణంగా మరో 15 రోజులు మాత్రమే ఇస్తారు. కాబట్టి ఈ వారమే పాలసీ పత్రం తీసి, ఆసుపత్రి అనంతర ఖర్చుల పేరాలో ఎన్ని రోజులని ఉందో, బిల్లులు ఎప్పటిలోగా పంపాలని ఉందో చూడండి.

మీ బిల్లును తిరస్కరించడంలో కంపెనీ చేసినది సగం సరైనది, సగం సరికాదని నా అభిప్రాయం. మన దేశంలోని ఆరోగ్య బీమా పాలసీలన్నిటికీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే మాటల్లో నిర్దేశించిన మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఐదవది విశ్రాంతి చికిత్స, పునరావాసం, సంరక్షణలకు సంబంధించినది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మంచం మీద నుంచి లేపి నడిపించడం వంటి రోజువారీ పనుల్లో సాయాన్ని ఇంట్లో అందించినా, నర్సింగ్ కేంద్రంలో అందించినా, చేసేవారు శిక్షణ పొందిన నర్సయినా, మామూలు మనిషయినా బీమా చెల్లించదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అంటే ఆ ఆరు లక్షలు చికిత్సకు ఉద్దేశించినవే తప్ప ఆలనాపాలనకు కావు. ఇది మీ కంపెనీ ఒక్కటే పెట్టిన మెలిక కాదు. డైపర్లు, ప్రైవేటు నర్సు, అటెండెంటు, చేతికర్ర, వాకర్, ఎయిర్ బెడ్, ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్ కూడా చెల్లించనక్కర్లేని 68 వస్తువులు, సేవల జాబితాలో ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఇప్పిస్తామని అదనపు ప్రీమియంతో రైడర్లు అమ్ముతున్న మాట నిజమే. అయితే అవి ఆసుపత్రిలో ఉన్న రోజుల బిల్లుకే గానీ, ఇంట్లో నెలల తరబడి సాగే ఖర్చుకు పనికిరావు.

ఫిజియోథెరపీ సంగతి వేరు. అది రోజువారీ సాయం కాదు, డాక్టరు సూచించిన చికిత్స. ఏజెన్సీ రెంటినీ కలిపి ఒకే బిల్లు ఇవ్వడం వల్ల క్లెయిమ్ చూసే ఉద్యోగికి అది మొత్తం సంరక్షణ బిల్లుగానే కనిపించి ఉంటుంది. ఇలాంటి బిల్లుల మీద ‘పేషెంట్ కేర్ సర్వీసు, 30 రోజులు’ అని ఒకే వరుస ఉంటే లోపల ఏముందో ఎవరూ చూడరు. జరిగినది జరిగినట్టే, అటెండెంటు సేవకు ఒకటి, ఫిజియోథెరపీకి ఒకటి చొప్పున విడి బిల్లులు ఇమ్మని ఏజెన్సీని అడగండి. ఫిజియోథెరపీ బిల్లులో ఏ తేదీన ఎంతసేపు చేశారు, ఏం చేశారు, ఫిజియోథెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దానికి డిశ్చార్జ్ సమ్మరీని జత చేయండి. ‘ఇంటి వద్ద ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అన్న సలహా అందులో లేకపోతే, చూసిన న్యూరాలజిస్టు దగ్గర ఇన్ని వారాలు, వారానికి ఇన్నిసార్లు అని రాయించుకోండి. మందులు, మళ్లీ చూపించుకున్న ఫీజు, పరీక్షల రసీదులు కూడా ప్రిస్క్రిప్షన్లతో కలిపి పంపండి.

లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. రెండు నెలలకు మీ ఖర్చు 82,000. అందులో ఫిజియోథెరపీ 13,000, మందులు 7,000 కలిపి 20,000 వరకు అడగవచ్చు. అటెండెంటు జీతం 52,000, డైపర్లు వగైరాల 10,000 మాత్రం ఎంత వాదించినా రావు. వాటి మీద శక్తి వృథా చేయకండి. ఫిజియోథెరపీ మొత్తాన్ని కంపెనీ మళ్లీ నిరాకరిస్తే, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి 30 రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

ఇక ప్రభుత్వం మాట. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. అమ్మగారి ఆధార్‌తో వెంటనే తీసుకోండి. అయితే అది కూడా ఆసుపత్రిలో చేరినప్పుడే పనిచేస్తుంది. డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందుల వరకే దాని బాధ్యత. ఆరోగ్యశ్రీ కథ కూడా ఇంతే. పేర్లు వేరైనా ఇవి ఆసుపత్రి మంచం చుట్టూ అల్లినవి. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి ముసలితనంలో సంరక్షణకే ప్రత్యేకంగా సామాజిక బీమా ఉంది. అక్కడ పనిచేసే వయసులో చందా కట్టిన మనిషికి ఎంత సాయం అవసరమో అంచనా వేసి, ఆ స్థాయిని బట్టి ఇంటికి మనిషిని పంపడమో, కేంద్రంలో ఉంచడమో చేస్తారు. అలాంటిది మన దేశంలో లేదు. ఇంతమంది పిల్లలు దూర నగరాల్లో ఉంటున్న కాలంలో అది లేకపోవడం చాలా పెద్ద లోటని, ఆ లోటును ఎక్కువగా కూతుళ్లు, కోడళ్లు ఉద్యోగాలు మానుకుని పూడుస్తున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని ఆ కార్డును, మిగిలిన ఆరు లక్షలను చిన్నచూపు చూడకండి. పక్షవాతం వచ్చి మంచాన పడిన వారు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చే సాధారణ కారణాల్లో ఈ మూడు ఉంటాయి: మింగేటప్పుడు పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చే న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్, పడకపుండ్లు. ఆ చికిత్సలకు ఈ డబ్బు వస్తుంది. అవి రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. నీళ్లు తాగిన ప్రతిసారీ అమ్మగారికి దగ్గు వస్తున్నా, తాగాక గొంతు తడిగా గరగరలాడుతున్నా పలచని ద్రవాలు ఆపి డాక్టరుకు చెప్పండి. రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద, మడమల వెనుక చర్మం చూడమనండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి తీసినా ఎరుపు చెదరకపోతే పుండు మొదలవుతున్నట్టే. మంచంలో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి పక్క మార్చడం, గాలి మార్చే ఎయిర్ బెడ్ వేయడం తప్పనిసరి. ఎయిర్ బెడ్ ఖర్చు బీమా ఇవ్వకపోయినా, ఒక పడకపుండు ఆసుపత్రిపాలు చేస్తే అయ్యేదానితో పోలిస్తే అది చిన్న మొత్తం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ‘బీమాలో చేయిస్తాం, రెండు నెలలు మా పునరావాస కేంద్రంలో చేర్చండి’ అని ఎవరైనా అంటే, ముందు కంపెనీ నుంచి క్యాష్‌లెస్ అనుమతి రాతపూర్వకంగా వచ్చేవరకు చేర్చకండి. చేరడంలో ముఖ్యోద్దేశం విశ్రాంతి, సాయం అని తేలితే పైన చెప్పిన ఐదవ మినహాయింపు కిందే అది పోతుంది, బిల్లు మీ మీద పడుతుంది.

నెలనెలా చేతికి డబ్బు వచ్చే ప్రభుత్వ మార్గం ఒకటుంది గానీ, అది మీకు అందకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 పింఛను ఇస్తున్నారు. ఈ చివరిది నిజంగా సంరక్షణ ఖర్చుకు సరిపోలే మొత్తం. అయితే పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదన్న షరతు ఉంది. అమ్మగారికి వడ్డీ నెలకు 8,200, అద్దె 7,000, మొత్తం 15,200 వస్తోంది కాబట్టి ఆశ పెట్టుకోవద్దు. ఆదాయం ఆ హద్దు లోపల ఉన్న పాఠకులు మాత్రం వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం తీసుకుని వార్డు సచివాలయంలో తప్పక దరఖాస్తు చేయాలి.

ఆ సదరం ధ్రువపత్రం పింఛను రాకపోయినా మీకు వేరే విధంగా ఉపయోగపడుతుంది. వైకల్యం ఉన్న తల్లి ప్రధానంగా మీ మీద ఆధారపడి ఉంటే, 80డీడీ అని అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. వైకల్యం కనీసం 40 శాతం ఉంటే 75,000, కనీసం 80 శాతం ఉంటే 1,25,000 మీ ఆదాయం నుంచి తగ్గిస్తారు. ఎంత ఖర్చు పెట్టారో బిల్లులు చూపనక్కర్లేదు. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే, 1,25,000 మీద సెస్సుతో కలిపి 39,000 పన్ను మిగులుతుంది. అయితే ఇది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలో మీకు మిగిలేది అంతకంటే ఎక్కువేమో రెండు లెక్కలూ వేయించి చూసుకోండి. పక్షవాతంలో మొదటి నెలల్లో మెరుగుదల ఉంటుంది కాబట్టి శాశ్వత వైకల్యం ఎంతో డాక్టర్లు వెంటనే తేల్చరు. ఎప్పుడు రావాలో న్యూరాలజిస్టునే అడగండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బీమా గడువు ముగిశాక నెలకు 41,000 ఖర్చు, 15,200 అమ్మగారి రాబడి, 25,800 లోటు. ఏడాదికి 3,09,600. ఇది కుటుంబం మోయాల్సిన బరువు, దీన్ని పంచుకునే తీరు ఇప్పుడే తేల్చుకోవాలి. ఈ లోటును తగ్గించడానికి చాలామంది ముందుగా ఫిజియోథెరపీని మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పక్షవాతం తర్వాత కదలిక తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. ఆ కాలంలో వారానికి మూడు రోజులు వస్తుంటే ఐదు రోజులు చేయించగలిగినా మంచిదే. అమ్మగారు పట్టుకుని నిలబడి, మంచం నుంచి కుర్చీలోకి ఒక మనిషి సాయంతో మారగలిగిన రోజు నుంచి 24 గంటల అటెండెంటు స్థానంలో పగటి మనిషి సరిపోవచ్చు. 6,500 మీద పొదుపు చేసి 26,000 ఖర్చును ఏళ్ల తరబడి నిలుపుకోవడం నష్టదాయకం. ఫీడింగ్ గొట్టం, కాథెటర్ వంటివి లేకపోతే అమ్మగారికి నర్సు అక్కర్లేదు, శిక్షణ పొందిన అటెండెంటు చాలు. ఏజెన్సీ నర్సు పేరుతో ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి.

మీ తమ్ముడి ప్రతిపాదన గురించి చాలా జాగ్రత్తగా చెప్పాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం కొడుకు, కూతురు ఇద్దరికీ బాధ్యత సమానమే. సొంత రాబడితో జీవించలేని తల్లి ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే పోషణ ఖర్చు ఇప్పిస్తారు. అయితే ఆ చట్టంలో గరిష్ఠం నెలకు 10,000 మాత్రమే. అది 1,000 రూపాయల మందుల ఖర్చును చూసి రాసిన చట్టమే గానీ, 26,000 అటెండెంటు జీతాన్ని చూసి రాసినది కాదు. అందుకే అమ్మగారి సొంత ఆస్తే ఆమెకు అన్నిటికంటే నమ్మకమైన సంరక్షణ నిధి. ఆ ఇల్లు ఇప్పుడు రాసిచ్చేస్తే పై వాటా అద్దె 7,000 కూడా చేజారవచ్చు, రేపు అవసరమైతే అమ్ముకునే లేదా తాకట్టు పెట్టుకునే దారి మూసుకుపోతుంది. ఇల్లు ఆమె పేరిటే ఉంచి, ఆమె తర్వాత ఎవరికి చెందాలో వీలునామాలో రాయించడం నా సలహా. వీలునామాను ఆమె ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అన్నీ ఆలోచించి రాసిచ్చేందుకు అమ్మగారే ఇష్టపడితే, దానపత్రంలో తన కనీస అవసరాలు, వైద్య సంరక్షణ మీ తమ్ముడు చూడాలన్న షరతు తప్పక ఉండాలి. ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించగలదు. అలాంటి షరతు ఉన్నట్టు చూపలేకపోతే ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. నోటి మాటగా ‘చూసుకుంటాడులే’ అన్నది అక్కడ నిలబడదు.

తమ్ముడితో తగవుగా కాకుండా, 25,800 లోటును మీ ఇద్దరి మధ్య 12,900 చొప్పున పంచుకుందామని అడిగి చూడండి. మీరు గుంటూరు వెళ్లి అమ్మగారి పనులు చూస్తుంటే, దానికి విలువ కట్టి ఆయన వాటా కొంత పెంచమన్నా అన్యాయం కాదు. ఆ డబ్బు మీ ఖాతాలోకి కాక, అమ్మగారి పొదుపు ఖాతాలోకి నెల మొదటి వారంలో రావాలి, ఖర్చు అక్కడి నుంచే జరగాలి. అప్పుడు ఎవరెంత ఇచ్చారన్న ప్రశ్నే రాదు. కుడి చేయి పనిచేయని అమ్మగారు సంతకం చేయలేరు కాబట్టి బ్యాంకు మేనేజరును కలిసి వేలిముద్ర నమోదు చేయించండి. ఇద్దరు సాక్షులుండాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆ ఖాతాలో మీ పేరు కూడా చేర్పించండి. ఆమెకు తెలివి స్పష్టంగా ఉన్న ఈ రోజుల్లోనే వీలునామా, ఖాతా పనులు పూర్తి చేయడం అవసరం. మరోసారి పక్షవాతం వచ్చి ఆలోచనా శక్తి పోతే, అంతకుముందు రాసిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు, సంరక్షకుల నియామకం కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.

ఇంకో పాలసీ గురించి: అమ్మగారికి వద్దు. ప్రవేశ వయసుపై 65 ఏళ్ల హద్దు 2024లో తొలగిపోయినా, పక్షవాతం వచ్చిన తర్వాత ఇచ్చే పాలసీలో అదే జబ్బుకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, సంరక్షణ మినహాయింపు ఎలాగూ ఉంటుంది. ఉన్న పాలసీ ప్రీమియం మాత్రం ఒక్కసారి కూడా తప్పనివ్వకండి. ఆమె ఆధారపడగలిగిన ప్రైవేటు రక్షణ అదొక్కటే.

మీ సొంతానికైతే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ పరిశీలించవచ్చు. అది బిల్లులతో సంబంధం లేకుండా జబ్బు నిర్ధారణ అయితే మొత్తం ఒకేసారి ఇస్తుంది కాబట్టి, ఆ డబ్బును అటెండెంటు జీతానికైనా వాడుకోవచ్చు. అయితే పక్షవాతానికి అందులో నిర్వచనం బిగుతుగా ఉంటుంది. నాడీమండల లోపం శాశ్వతమని తేలాలి, అది కనీసం మూడు నెలలు నిలిచినట్టు ఆధారం ఉండాలి. కొన్ని గంటల్లో తగ్గిపోయే చిన్న పక్షవాతానికి ఏమీ రాదు. మతిమరుపు జబ్బు, పార్కిన్సన్స్ కొన్ని పాలసీల జాబితాలోనే ఉంటాయి, ఏజెంటు మాటను కాక ఆ జాబితాను చదివి తీసుకోండి.

అమ్మగారి విషయంలో ఏదైనా తక్షణ సాయం కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ట్రిబ్యునల్ అర్జీ ఎలా పెట్టాలో కూడా వాళ్లు చెబుతారు.